బ్రోచర్‌లో పడిన జాలీ నీడ ఇంట్లో పడుతుందా?

కొత్త విల్లాల బ్రోచర్లు తిరగేస్తుంటే ఒక బొమ్మ తరచూ ఎదురవుతుంది. పొడవాటి హాలు, లేత రంగు నేల, ఒక పక్క గోడంతా జాలీ. ఎండ ఆ జాలీ గుండా దూరి, నేల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా చుక్కలో, నక్షత్రాలో, తీగలో పరిచేస్తుంది. ఇల్లు ఇంకా పునాది దాటి ఉండదు. ఆ బొమ్మ కంప్యూటర్లో తయారైన రెండర్. మన ఊళ్లలో 'త్రీడీ' అని పిలుచుకునేది దీన్నే.

బొమ్మ బాగుంటుంది, కాదనను. కానీ అలాంటి బొమ్మల్లో చాలావాటిలో నేల మీద పడిన నీడ, ఆ ఇల్లు కట్టాక అక్కడ పడే నీడ కాదు. జాలీ రాతిదైతే కొంత నయం. రేకుకు చిన్న చిన్న చిల్లులు కొట్టి చేసిన జాలీ అయితే, హాలు మధ్యలో నేల మీద ఆ చుక్కలు అసలు కనిపించవు. రేకు తయారీలో లోపం ఉండి కాదు. సూర్యుడు చుక్క కాదు, పళ్లెం. తేడా అంతా అక్కడే ఉంది.

ఆకాశంలో సూర్యబింబం సుమారు అర డిగ్రీ వెడల్పు ఉంటుంది. సూర్యుడు మనకు తన వ్యాసానికి దాదాపు 107 రెట్ల దూరంలో ఉన్నాడు. అందుకే ఎండ ఒకే చోటు నుంచి వచ్చే కిరణాల కట్ట కాదు. బింబం పై అంచు నుంచి ఒక కిరణం, కింది అంచు నుంచి ఒకటి, ఆ పక్క నుంచి ఇంకొకటి, కాస్త కాస్త తేడా కోణాలతో ఒకే చిల్లులోంచి దూరతాయి. దూరం పెరిగేకొద్దీ అవి విడిపోతాయి. ఎంత విడిపోతాయో లెక్కకట్టడం తేలికే. చిల్లు నుంచి నేల దాకా కిరణం నడిచిన దూరాన్ని 107తో భాగిస్తే చాలు. కిరణం ఒక మీటరు నడిస్తే నీడ అంచు సుమారు 9 మిల్లీమీటర్ల మేర మసకబారుతుంది. నాలుగు మీటర్లు నడిస్తే నాలుగు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ.

చిల్లు కన్నా ఈ మసక చిన్నదైతే నేల మీద చిల్లు ఆకారం నిలుస్తుంది. చిల్లు కన్నా మసక బాగా పెద్దదైతే చిల్లు ఏ ఆకారంలో ఉన్నా ఒకటే, నేల మీద పడేది సూర్యుడి బొమ్మ. చింతచెట్టు కింద ఎండపొడలు గుండ్రంగా ఉండేది ఇందుకే. ఆకుల సందులేవీ గుండ్రంగా ఉండవు కదా. 2019 డిసెంబరు 26న, 2020 జూన్ 21న సూర్యగ్రహణం పట్టిన వేళ చెట్ల కింద నేల చూసినవాళ్లకు ఇది గుర్తుండే ఉంటుంది. ఆ కాసేపు ఎండపొడలన్నీ నెలవంకలయ్యాయి.

ఇప్పుడు ఒక గది తీసుకుందాం. హైదరాబాద్‌లో పడమటి గోడ మొత్తం జాలీ ఉన్న హాలు. తేదీ మార్చి 21, సమయం సాయంత్రం నాలుగున్నర. ఆ వేళకు సూర్యుడు దిగంతం నుంచి సుమారు 27 డిగ్రీల ఎత్తులో, దాదాపు నేరుగా పడమట ఉంటాడు. నేల నుంచి రెండు మీటర్ల ఎత్తులో ఉన్న చిల్లులోంచి వచ్చిన ఎండ, గోడ నుంచి దాదాపు 3.9 మీటర్ల దూరాన నేలను తాకుతుంది. కిరణం ఏటవాలుగా నడిచిన దారి 4.4 మీటర్లు. 107తో భాగిస్తే మసక 4.1 సెంటీమీటర్లు. అది అడ్డంగా. ఎండ వాలుగా పడుతోంది కాబట్టి నిలువు దిశలో, అంటే గోడ నుంచి గది లోపలికి, అదే మసక 9 సెంటీమీటర్ల దాకా సాగుతుంది.

మొదట ఈ గోడకు చిల్లుల రేకు బిగిద్దాం. బజారులో మామూలుగా దొరికే రకం: 5 మిల్లీమీటర్ల గుండ్రటి చిల్లులు, ఒక చిల్లు మధ్య నుంచి పక్క చిల్లు మధ్యకు 8 మిల్లీమీటర్లు, వరసలు ఒకదానికొకటి ఎడంగా. రేకు మందం 2 మిల్లీమీటర్లు. దీని విస్తీర్ణంలో దాదాపు 35 శాతం ఖాళీ. నేల మీద మసక 41 మిల్లీమీటర్లు, చిల్లుకూ చిల్లుకూ ఎడం 8 మిల్లీమీటర్లు. అంటే నేల మీద ఏ ఒక్క బిందువు నుంచి తలెత్తి చూసినా సూర్యబింబం ముందు పాతిక చిల్లుల దాకా పరుచుకుని ఉంటాయి. పక్క బిందువు నుంచి చూసినా అంతే. రెండు చోట్లా వెలుగు ఒకటే అయినప్పుడు చుక్క ఎక్కడ ఏర్పడుతుంది? నేల అంతా పలచటి, ఏకరీతి ఎండ. పైగా రేకు మందం వల్ల వాలు కిరణాలకు చిల్లు కొంత మూసుకుంటుంది కాబట్టి, ఆ ఎండ బయటి ఎండలో నాలుగో వంతు ఉంటుంది.

ఈ రేకు కింద చుక్కలు కనిపించే చోటు ఒకటుంది. గోడ మొదట్లో. కిరణం 80, 90 సెంటీమీటర్లు నడిచేలోపు మసక ఇంకా చిల్లుల ఎడాన్ని దాటదు. మన గదిలో అది గోడ నుంచి ముప్పావు మీటరు మేర. ఆ పట్టీ దాటాక చుక్కలు కరిగిపోతాయి. బ్రోచర్‌లో మాత్రం నాలుగు మీటర్ల అవతల, సోఫా కాళ్ల దగ్గర కూడా చుక్కలు ముద్ర గుద్దినట్టు ఉంటాయి.

అదే గోడకు రాతి జాలీ పెడదాం. 8 సెంటీమీటర్ల చదరపు గళ్లు, మధ్య 3 సెంటీమీటర్ల రాతి పట్టీలు, రాయి మందం 5 సెంటీమీటర్లు. ఇక్కడ కథ మారుతుంది. నాలుగు సెంటీమీటర్ల మసక ఎనిమిది సెంటీమీటర్ల గడిని మింగలేదు. నాలుగు మీటర్ల దూరంలోనూ గడి గడిగానే తెలుస్తుంది, కాకపోతే అంచులు మెత్తబడి, మధ్యలో కొద్ది భాగమే పూర్తి వెలుగుతో. గోడ దగ్గరి గళ్లు కత్తిరించినట్టు పదునుగా, లోపలికి వెళ్లేకొద్దీ మెత్తగా. ఈ క్రమమే అసలైన ఎండకు ఆనవాలు. రెండర్‌లో గోడ దగ్గరి నీడా, గది చివరి నీడా ఒకే పదునుతో ఉంటే, ఆ బొమ్మలో సూర్యుణ్ణి చుక్కగా పెట్టారని వెంటనే చెప్పేయొచ్చు.

పాతకాలపు శిల్పులు దూరాలను ఎలా ఎంచుకున్నారో చూడాలంటే తుంగభద్ర ఒడ్డున ఆలంపురం వెళ్లొచ్చు. బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలవి. గర్భగుడి చుట్టూ ప్రదక్షిణ దారి, దాని బయటి గోడలో రాతిని తొలిచి చేసిన కిటికీలు. దారి ఇరుకు. కిటికీలోంచి వచ్చిన వెలుగు ఎక్కువ దూరం పోకుండానే ఎదుటి గోడనో, నేలనో తాకుతుంది. హైదరాబాద్ సంతోష్‌నగర్ దగ్గరి పైగా సమాధుల్లోనూ జాలీల నీడ దగ్గర్లోనే పడుతుంది. సన్నటి పనితనం నీడలోకి దిగాలంటే జాలీకీ నేలకూ మధ్య దూరం తక్కువుండాలి. దూరం ఎక్కువైతే గళ్లు పెద్దవి కావాలి. రెండూ ఒకేసారి కుదరవు.

రాతి జాలీ విషయంలో రెండర్లు చేసే ఇంకో పొరపాటు మందం. పని తొందరగా తెమలడానికి జాలీని నిజంగా తొలిచిన రాయిలా కాక, ఒక పలచటి పలక మీద నలుపు తెలుపుల బొమ్మ అతికించి, తెల్లచోట ఖాళీ, నల్లచోట గట్టి అని చెప్పేస్తారు. దూరం నుంచి కిటికీ చూడ్డానికి ఇది సరిపోతుంది. నేల మీద నీడకు మాత్రం సరిపోదు, ఎందుకంటే ఆ పలకకు మందం సున్నా. సూర్యుడు నెత్తి మీదికొచ్చినా దాంట్లోంచి ఎండ జారుతూనే ఉంటుంది.

నిజమైన రాయిలో అలా జరగదు. గడి పైభాగాన రాయి మందమే చిన్న చూరులా పనిచేస్తుంది. సూర్యుడు ఎంత పైనుంటే అంత ఎక్కువ అడ్డం. మన జాలీలో నాలుగున్నరకు ఎండ 27 డిగ్రీల వాలులో వస్తుంటే, 8 సెంటీమీటర్ల గడిలో పై 2.6 సెంటీమీటర్లు మూసుకుపోయి 5.4 మాత్రమే తెరిచి ఉంటుంది. గోడకు ఎదురుగా లెక్కేసుకున్న వాలు 58 డిగ్రీలు దాటిందా, గడి పూర్తిగా మూత. మార్చి 21న ఈ పడమటి గోడలోంచి మధ్యాహ్నం రెండున్నర దాకా ఒక్క కిరణం కూడా నేరుగా లోపలికి రాదు. ఆ తర్వాత సన్నటి అడ్డగీతల్లా మొదలై, సాయంత్రానికి గళ్లవుతాయి. ఐదూ ముప్పావుకు సూర్యుడు 9 డిగ్రీలకు దిగితే పై వరుసల గళ్ల నీడ నేల వదిలి ఎదుటి గోడ ఎక్కుతుంది.

ఎండాకాలపు మిట్టమధ్యాహ్నం ఎండను ఆపి, గాలినీ చల్లబడిన వెలుగునూ రానివ్వడమే జాలీ పని. కాబట్టి మే నెల నడినెత్తి ఎండను చూపిస్తూ నిలువు జాలీ కింద నేలంతా నమూనా పరిచిన బొమ్మ రెండు రకాల తప్పు. అది పడదు, పడితే ఆ జాలీ ఎందుకూ పనికిరాదు.

ఈ లెక్కలన్నీ రెండర్ చేసే సాఫ్ట్‌వేర్‌కు తెలియవా అంటే, బాగా తెలుసు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు వెలుగును వెనక నుంచి ముందుకు వెతుకుతాయి. కెమెరా నుంచి ఒక కిరణం బయల్దేరి నేల మీద ఒక బిందువును తాకుతుంది. అక్కడి నుంచి సూర్యబింబం మీద ఏదో ఒక చోటికి గురి చూసి ఇంకో కిరణం వదులుతారు. దారిలో రాయి తగిలితే చీకటి, చిల్లు దొరికితే వెలుగు. ఇలా వందల సార్లు, ప్రతిసారీ బింబం మీద వేరే చోటికి గురి మారుస్తూ వదిలి సగటు తీస్తే ఆ బిందువులో ఎంత ఎండ ఉండాలో తేలుతుంది. మసక దానంతటదే వస్తుంది. ఎవరూ ప్రత్యేకంగా గీయక్కర్లేదు.

కాకపోతే సూర్యుడి సైజు సరిగ్గా ఇవ్వాలి. బ్లెండర్‌లో సూర్యుడి దీపానికి `Angle` అనే గడి ఉంటుంది, అందులో 0.53 డిగ్రీలు ఉండాలి. వీ-రేలో సూర్యుడి `size multiplier` 1 ఉంటే నిజం సైజు. దాన్ని సున్నాకు దించితే సూర్యుడు చుక్కవుతాడు. ఒక కిరణంతోనే అవునో కాదో తేలిపోతుంది, బొమ్మ తొందరగా, శుభ్రంగా వస్తుంది. జాలీ డిజైన్ కూడా స్పష్టంగా కనిపిస్తుంది, కస్టమర్ ముచ్చటపడతాడు. అందుకే దించుతారు. కొందరు దీనికి విరుద్ధంగా, నీడలు 'సాఫ్ట్‌గా' ఉండాలని ఐదు, పది డిగ్రీలు పెడతారు. అప్పుడు రాతి గళ్లు కూడా కరిగిపోయి, మబ్బు పట్టిన రోజులా ఉంటుంది. పక్కనే గోడ మీద మాత్రం ఎండ కాస్తున్న రంగు.

మూడో దారి ఇంకా అన్యాయం. కిటికీ బయట కాస్త దూరంలో ఒక స్పాట్‌లైట్ నిలబెట్టి ఎండ అనిపించడం. సూర్యుడి కిరణాలు దాదాపు సమాంతరాలు. జాలీలో రెండు నిలువు పట్టీలు సమాంతరంగా ఉంటే నేల మీద వాటి నీడలూ సమాంతరంగానే పోవాలి. దగ్గర్లో దీపం పెడితే ఆ నీడలు విసనకర్రలా విచ్చుకుంటాయి. మామూలు బొమ్మలో చూపు కోణం వల్ల దీన్ని పట్టుకోవడం కష్టం. పైనుంచి నిట్టనిలువుగా చూపించే ప్లాన్ వ్యూ అడిగితే ఇట్టే దొరికిపోతుంది.

అన్నీ సరిగ్గా పెట్టినా ఒక చోట అనుభవం ఉన్నవాళ్లు కూడా తికమక పడతారు. జాలీ వెనక అద్దం. ఇప్పటి ఏసీ ఇళ్లలో దుమ్ము రాకుండా జాలీ లోపలి వైపు అద్దం బిగిస్తారు. అద్దం పెట్టగానే రెండర్‌లో నేల మీది ఎండ మాయమవుతుంది, లేదా చుక్కచుక్కలుగా గరుకుతేలిన మచ్చలవుతుంది. నేల నుంచి సూర్యుడి వైపు వదిలిన కిరణం అద్దాన్ని తాకగానే వంగాలి, వంగిన కిరణం కొంచెపు సూర్యబింబాన్ని సరిగ్గా తగలడం దాదాపు అసాధ్యం; సాఫ్ట్‌వేర్ దాన్ని అడ్డంకి కిందే లెక్కేస్తుంది. బ్లెండర్‌లో దీనికి మందు, నీడ కిరణాలకు మాత్రం అద్దం వంపులేని పారదర్శక పొరలా కనిపించేట్టు `Is Shadow Ray`తో రెండు పదార్థాలను కలపడం. సమతలంగా ఉన్న కిటికీ అద్దానికి ఈ చిన్న మోసం వల్ల నష్టమేమీ లేదు.

ఇక ఆఖర్న గరుకు తుడిచే డీనాయిజర్. తక్కువ కిరణాలతో లెక్క ముగించి, మిగిలిన గరుకును దీంతో నునుపు చేస్తారు. ఖాళీ గోడ మీద బాగానే పనిచేస్తుంది. జాలీ నీడ మీద మాత్రం అది గళ్ల మూలలను చెరిపేస్తుంది, ఒక్కోసారి లేని మచ్చలను పుట్టిస్తుంది. నేల మీద వరసగా ఉండాల్సిన గళ్లలో కొన్ని అతుక్కుపోయి, కొన్ని పురుగు కొట్టినట్టు కనిపిస్తే దాని పనే. కిరణాల సంఖ్య పెంచి మళ్లీ తీయడం తప్ప వేరే దారి లేదు.

లోహపు జాలీతో నేల మీద వెలుగు నమూనా నిజంగా సాధించినచోట ఏం చేశారో చూస్తే ఈ లెక్క బోధపడుతుంది. 2017 నవంబరులో తెరిచిన లూవ్ర్ అబుధాబి మ్యూజియం మీద 180 మీటర్ల వ్యాసమున్న గుమ్మటం ఉంది. ఆర్కిటెక్ట్ జాన్ నువెల్. రకరకాల సైజుల్లో 7,850 నక్షత్రాలను ఎనిమిది పొరలుగా పేర్చారు. బయటి నాలుగింటికి స్టెయిన్‌లెస్ స్టీల్, లోపలి నాలుగింటికి అల్యూమినియం తొడుగు. వాటిలో పెద్ద నక్షత్రం వ్యాసం 13 మీటర్లు. అంత ఎత్తున అంత పెద్ద ఆకారాలు ఎందుకంటే, కిరణం 30 మీటర్లు నడిస్తే మసక 28 సెంటీమీటర్లు. అరచేతి వెడల్పు, పది సెంటీమీటర్ల సందు నేల మీద తన ఆకారాన్ని పూర్తిగా పోగొట్టుకుని, సుమారు 38 సెంటీమీటర్ల గుండ్రటి మచ్చగా మారుతుంది. దాని నడిమి వెలుగు కూడా నేరు ఎండలో ఎనిమిదో వంతే. పెద్ద సందులు మాత్రం అంచులున్న మచ్చలవుతాయి. అందుకే అక్కడి నేల మీద నక్షత్రాల అచ్చు కనిపించదు. ప్రకాశంలో తేడాలున్న, కొన్ని పదునైన, కొన్ని పొగలాంటి మచ్చలు కనిపిస్తాయి. దీన్ని 'వెలుగు వాన' అని పిలుస్తున్నారు. ఎనిమిది పొరల్లో ప్రతి దాన్నీ దాటిన కిరణమే కింద పడుతుంది కాబట్టి, సూర్యుడు కదులుతుంటే ఒక మచ్చ పుడుతుంది, ఇంకోటి ఆరిపోతుంది. ఎనిమిది పొరలనూ నొక్కి ఒక్క బొమ్మగా చేసి రెండర్ తీస్తే ఈ పుట్టడం, ఆరడం రెండూ పోతాయి.

చిన్న చిల్లుల రేకుతో ఏదీ సాధ్యం కాదని దీనర్థం కాదు. చిల్లుల సైజును నెమ్మదిగా మారుస్తూ ఒక చెట్టునో, అలలనో గోడంతా పరిచే పద్ధతి ఉంది. విడి చుక్కలు నేల మీద కరిగిపోయినా, చిల్లులు పెద్దవిగా ఉన్నచోట ఎక్కువ వెలుగు, చిన్నవిగా ఉన్నచోట తక్కువ వెలుగు అన్న తేడా నిలుస్తుంది. ఆ చెట్టు కొమ్మ అరమీటరు మందముంటే నాలుగు సెంటీమీటర్ల మసక దాన్నేమీ చేయలేదు. రేకులో నమూనా ఎంత సన్నగా ఉందన్నది కాదు చూడాల్సింది, నమూనాలో పెద్ద ఆకారాలు ఎంత పెద్దవన్నది. హాలు మధ్యలో స్పష్టమైన గళ్లే కావాలనుకుంటే, రేకునైనా సరే పది సెంటీమీటర్లు, ఆపైన ఉండే ఆకారాల్లో లేజర్ కటింగ్ చేయించాలి. అప్పుడు ఆ రేకు మందం తక్కువ కాబట్టి ఎండను ఆపే గుణం రాయికి ఉన్నంత ఉండదు. నీడ అందం కోసం కొన్న జాలీ మే నెలలో హాలును కాల్చొచ్చు.

రేకు కొనేముందు దుకాణంవాళ్లు ఇచ్చే జానెడు ముక్కను ఎండలోకి తీసుకెళ్లండి. దాన్ని ఎండకు ఎదురుగా, నేలకు కిరణం దారిలో ఇరవై సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే చుక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. మసక అక్కడ 2 మిల్లీమీటర్లే. అలాగే పైకెత్తుతూ పోతే మీటరు చేరేలోపు చుక్కలన్నీ కలిసిపోయి, నేల మీద ఒకే రంగు బూడిద నీడ మిగులుతుంది. రెండర్ చేసినవాళ్లను మాత్రం మూడు విషయాలు అడగాలి. ఉత్తరం ఎటు పెట్టారు, ఏ తేదీ ఏ గంట, సూర్యుడి సైజు ఎంత. ఆ తర్వాత కెమెరాను కదపకుండా మధ్యాహ్నం ఒంటిగంట, మూడు, నాలుగున్నర, ఐదున్నరలకు నాలుగు బొమ్మలు తీసిమ్మనాలి. పడమటి గోడకు మన లెక్కలోని రాతి జాలీ ఉంటే మార్చి నెలలో మొదటి బొమ్మలో నేల మీద నేరు ఎండ ఉండకూడదు, రెండోదాంట్లో గోడ దగ్గర సన్నటి గీతలుండాలి, మూడోదాంట్లో గళ్లు గది మధ్యకు రావాలి, నాలుగోదాంట్లో ఎదుటి గోడ మీదికి ఎక్కుతుండాలి. నాలుగింటిలోనూ నేలంతా ఒకే పువ్వులు పరిచి ఉంటే, రెండర్ మళ్లీ తీయించాల్సిందే.